కుంభాకార కటకం, మీటరు బల్ల, ప్లస్ మైనస్ గుర్తులు: ప్రాజెక్టు డైరీ

శనివారం: బల్ల తయారీ

ఈ బల్ల మీద తేల్చుకోవాలనుకున్నది ఒక్కటే. కుంభాకార కటకం, అంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే లెన్స్, లెక్కల్లో వస్తు దూరం u, ప్రతిబింబ దూరం v, నాభ్యంతరం f లకు పెట్టే ప్లస్, మైనస్ గుర్తులు కేవలం మార్కుల కోసమా, లేక ఆ గుర్తులతో వచ్చిన జవాబు చెప్పిన చోటే నిజంగా ప్రతిబింబం ఏర్పడుతుందా? గుర్తు మార్చి లెక్క చేస్తే వేరే జవాబు వస్తుంది. ఆ రెండు చోట్లా తెర పెట్టి చూస్తే ఏది నిజమో ఎదురుగా కనిపిస్తుంది.

అన్నయ్య కూతురు పదో తరగతి చదువుతోంది. కాంతి పాఠంలో లెక్కలన్నీ చకచకా చేసేస్తుంది. వస్తు దూరానికి మైనస్ ఎందుకమ్మా అని అడిగితే మాత్రం, "అలాగే పెట్టాలని చెప్పారు బాబాయ్" అంటుంది. ఈ బల్ల తన కోసమే.

సామాను పెద్దగా ఏమీ లేదు. సన్నటి ప్లైవుడ్ పలక మీద మీటరు చెక్క స్కేలు బిగించాను. స్కేలు పక్కనే జరిగేలా మూడు చెక్క దిమ్మెలు పెట్టాను: ఒకదాని మీద వస్తువు, ఒకదాని మీద లెన్స్, ఒకదాని మీద తెర. ప్రతి దిమ్మె అడుగున, స్కేలు వైపు, ఒక గుండుసూది అంటించాను. దిమ్మె మీద ఉన్న వస్తువుకు సరిగ్గా కిందే ఆ సూది మొన ఉండాలి. రీడింగ్ అంతా ఆ మొన దగ్గరే తీసుకుంటాం కాబట్టి ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా తర్వాత అది ఎంత పెరుగుతుందో రేపటి లెక్కల్లో తెలుస్తుంది.

వస్తువుగా కొవ్వొత్తి వద్దనుకున్నాను. మంట ఊగుతుంది, పైగా దాని ఎత్తు ఎంతో కచ్చితంగా చెప్పలేం. ఓహెచ్‌పీ షీటు అనే పారదర్శక ప్లాస్టిక్ కాగితం మీద మిల్లీమీటరు గళ్లు ప్రింటు తీసి, మధ్యలో 10 మిల్లీమీటర్ల బాణం గుర్తు నిలువుగా గీశాను. బాణానికి ఒక పక్కన చిన్న చుక్క పెట్టాను. షీటు వెనకాల బటర్ పేపర్, దాని వెనక ఆకుపచ్చ ఎల్‌ఈడీ. తెల్ల ఎల్‌ఈడీ ఎందుకు వద్దో రేపు రాస్తాను. తెర కూడా బటర్ పేపరే, చెక్క చట్రానికి అంటించింది.

సాయంత్రం వెలుతురు ఉండగానే లెన్స్ నాభ్యంతరం చూసుకున్నాం. డాబా మీదికి వెళ్లి, దూరంగా ఉన్న సెల్ టవర్‌ను లెన్స్ ద్వారా తెల్ల అట్ట మీద పడేలా చేసి, లెన్స్ నుంచి అట్ట దాకా కొలిస్తే 10 సెంటీమీటర్లు. ఇంట్లో నిలబడి ఎదురు కిటికీని ఫోకస్ చేస్తే సరిపోదా అని పాప అడిగింది. కిటికీ 5 మీటర్ల దూరంలో ఉంటే దాని ప్రతిబింబం 10.2 దగ్గర పడుతుంది, 10 దగ్గర కాదు. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది కానీ ఈ ప్రాజెక్టులో అది చాలా పెద్ద తేడా. వంద మీటర్లు దాటిన దేన్నైనా చూస్తే ఆ తేడా మన స్కేలుకు అందనంత చిన్నది. సూర్యుణ్ని మాత్రం ఫోకస్ చేయకూడదు. కాగితం కాలుతుంది, చూసే కంటికి అంతకన్నా ప్రమాదం.

ఆదివారం: మొదటి కొలత

లెన్స్‌ను స్కేలు మీద 40 దగ్గర పెట్టాం. ఇక అది కదలదు. వస్తువు 25 దగ్గర. వెలుతురు ఎడమ నుంచి కుడికి, అంటే స్కేలు అంకెలు పెరిగే వైపే వెళ్తోంది. ఈ అమరిక కావాలనే చేశాను, ఎందుకంటే ఇలా పెడితే గుర్తుల కోసం వేరే నియమం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఏ దూరమైనా సరే, ఆ దూరం కొలిచే చోటి రీడింగ్‌లోంచి లెన్స్ దగ్గరి రీడింగ్ తీసేస్తే గుర్తుతో సహా వచ్చేస్తుంది.

u = 25 − 40 = −15

మైనస్ ఎక్కడి నుంచో వచ్చి పడలేదు. వస్తువు లెన్స్‌కు ఎడమన ఉంది, దాని రీడింగ్ చిన్నది, తీసివేస్తే మైనస్ వచ్చింది, అంతే. పుస్తకంలో కార్టీజియన్ సంజ్ఞా సంప్రదాయం అని రాసేది దీన్నే: లెన్స్ మధ్య బిందువు సున్నా, కాంతి వెళ్లే వైపు ప్లస్, దానికి ఎదురు వైపు మైనస్, అక్షానికి పైన ప్లస్, కింద మైనస్. కుంభాకార కటకానికి f ప్లస్.

తర్వాత సూత్రం.

1/v − 1/u = 1/f
1/v = 1/f + 1/u = 1/10 − 1/15 = 1/30
v = +30

అంటే తెర 40 + 30 = 70 దగ్గర పెట్టాలి. ఆవర్ధనం m = v/u = 30/(−15) = −2. బాణం రెండింతలై, తలకిందులుగా పడాలి.

పాప నోట్సులో ఇదే లెక్క ఇంకోలా ఉంది. u స్థానంలో 15 అని, గుర్తు లేకుండా వేసింది. అప్పుడు 1/v = 1/10 + 1/15 = 1/6, అంటే v = 6. కొట్టేయవద్దన్నాను. ముందు తెరను 46 దగ్గర పెట్టి చూశాం. లెన్స్ బిళ్ల కంటే కాస్త చిన్నదైన పచ్చటి వెలుగు మచ్చ కనిపించింది. గళ్లు లేవు, బాణం లేదు. అక్కణ్నుంచి తెరను మెల్లగా వెనక్కి జరుపుతూ పోతే మచ్చలో ఏదో గీత కదిలినట్టు మొదలై, 70 దగ్గరికి వచ్చేసరికి మిల్లీమీటరు గళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. బాణం మొన కిందికి ఉంది. తెర మీద పారదర్శక స్కేలు ఆనించి కొలిస్తే 20 మిల్లీమీటర్లు.

ఈ తప్పు తరచూ ఎలా జరుగుతుందో ఇక్కడే రాస్తాను. 1/u + 1/v = 1/f అనే రూపం కూడా చాలా చోట్ల కనిపిస్తుంది. అదీ సరైనదే, కానీ దాని సంప్రదాయం వేరు: అందులో నిజమైన వస్తువుకు u ప్లస్, తెర మీద పడే నిజ ప్రతిబింబానికి v ప్లస్, ఆవర్ధనం −v/u. అమెరికా పాఠ్యపుస్తకాల్లో, అవి చూసి చేసిన వీడియోల్లో ఇదే వాడతారు. ఏదో ఒకదాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్తే ఇబ్బంది లేదు. సూత్రం ఒక దాంట్లోంచి, గుర్తులు ఇంకో దాంట్లోంచి తీసుకుంటే మాత్రం పైన వచ్చిన 6 లాంటి జవాబే వస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలికే. నాభికి, అంటే లెన్స్ నుంచి f దూరంలోని బిందువుకు, అవతల వస్తువు పెట్టినప్పుడు ప్రతిబింబం f కంటే దగ్గరగా ఎప్పుడూ పడదు. 10 కంటే చిన్న జవాబు వచ్చిందంటే గుర్తు ఎక్కడో కలగలిసిందని అర్థం.

తలకిందులు అన్న మాట దగ్గర చుక్క పనికొచ్చింది. వస్తువును లెన్స్ వైపు నుంచి చూసినప్పుడు చుక్క బాణానికి కుడి పక్కన ఉంది. తెరను దాని వెనక నుంచి చూస్తే చుక్క ఎడమ పక్కన కనిపించింది. అంటే ప్రతిబింబం నిలువుగా ఒక్కటే తిరగలేదు, పక్కలు కూడా మారాయి. బొమ్మను కాగితం మీదే సగం చుట్టు తిప్పినట్టు ఉంది. m లోని మైనస్ పై-కిందలకు ఎంతో కుడి-ఎడమలకూ అంతే. అదే తెరను లెన్స్ వైపు నుంచి చూస్తే ఎడమ కుడి మళ్లీ మారిపోయి, అద్దంలో చూసినట్టు అవుతుంది. కాబట్టి ఏ వైపు నుంచి చూశామో నోట్సులో రాసుకోవాలి.

ఆదివారం రాత్రి: 30 ఎంత కచ్చితం?

తెర 70 దగ్గర అని పైన తేలిగ్గా రాశాను కానీ, అసలు పని అక్కడే ఉంది. తెరను అటూ ఇటూ కొంచెం జరిపినా బొమ్మ స్పష్టంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లెన్స్ వెడల్పు 4 సెంటీమీటర్లు. దానికి నల్ల చార్టులో 2 సెంటీమీటర్ల రంధ్రం చేసి అడ్డం పెట్టాం, ఎందుకంటే అంచుల దగ్గరి కిరణాలు మధ్య కిరణాల కంటే కాస్త ముందే కలుస్తాయి, దాంతో బొమ్మ చుట్టూ పొగలాంటి వెలుగు చేరుతుంది. రంధ్రం పెడితే ఆ పొగ పోతుంది. కానీ సన్నటి కాంతి పుంజం కాబట్టి తెర అరసెంటీమీటరు జరిగినా బొమ్మ పెద్దగా చెదరదు. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెరుగుతుంది. నాకు నచ్చిన పద్ధతి ఇది: తెరను ముందుకు తెస్తూ గళ్లు చెదరడం మొదలైన చోటు రాసుకోవాలి, వెనక్కి తీసుకెళ్తూ చెదరడం మొదలైన చోటు రాసుకోవాలి, రెండిటి మధ్య బిందువు తీసుకోవాలి. "ఇదిగో ఇక్కడే బాగుంది" అని కంటితో ఒకే చోటు ఎంచుకోవడం కంటే ఇది నమ్మదగ్గది. అలా తీస్తే మాకు v 30కి ఓ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది.

ఆ మూడు మిల్లీమీటర్లు ఎక్కడివో చూడాలి కదా. వస్తువును ఒక మిల్లీమీటరు వెనక్కి జరిపి u = −15.1 చేసి లెక్కేస్తే v 29.6 వస్తుంది. వస్తువు ఒక మిల్లీమీటరు కదిలితే ప్రతిబింబం నాలుగు మిల్లీమీటర్లు కదిలింది. అది యాదృచ్ఛికం కాదు. అక్షం వెంట జరిగే మార్పు m స్క్వేర్ చొప్పున పెరుగుతుంది, ఇక్కడ m రెండు కాబట్టి నాలుగింతలు. నాభ్యంతరంలో మిల్లీమీటరు తేడా ఉంటే ఇంకా ఎక్కువ: v/f కి స్క్వేర్, ఇక్కడ v/f మూడు కాబట్టి తొమ్మిది రెట్లు. నిన్న కిటికీతో సరిపెట్టుకుని f ని 10.2 అనుకుని ఉంటే, ఇవాళ v దాదాపు 32 రావాలని లెక్క చెప్పేది, తెర మాత్రం 30 దగ్గరే బొమ్మ చూపేది. దానికి తోడు మన లెన్స్ నిజంగా పలచనిది కాదు, మధ్యలో సుమారు అర సెంటీమీటరు మందం ఉంది. దూరాలు దాని మధ్య నుంచి కొలుస్తున్నాం గానీ, నిజానికి వస్తు దూరాన్ని ఆ మధ్యకు కాస్త అటున్న తలం నుంచి, ప్రతిబింబ దూరాన్ని కాస్త ఇటున్న తలం నుంచి కొలవాలి. ఆ తేడా ఒక్కో వైపు మిల్లీమీటరు లోపే అయినా, నాలుగింతలు అవుతుంది కాబట్టి మా మూడు మిల్లీమీటర్లలో దాని వాటా ఉండి ఉంటుంది. పలచని కటక సూత్రంతో ఈ బల్ల మీద ఇంతకన్నా దగ్గరగా రాకపోవడం సూత్రం తప్పు కాదు.

ఇక తెల్ల ఎల్‌ఈడీ సంగతి. ఆకుపచ్చ తీసేసి ఎర్ర ఎల్‌ఈడీ పెట్టి, తెర కదిపి ఫోకస్ చేశాం. తర్వాత దేన్నీ ముట్టుకోకుండా ఎల్‌ఈడీ ఒక్కటీ నీలం రంగుది మార్చాం. బొమ్మ చెదిరిపోయింది. మళ్లీ స్పష్టంగా రావాలంటే తెరను లెన్స్ వైపు సెంటీమీటరుకు పైగా జరపాల్సి వచ్చింది. గాజు నీలం కాంతిని ఎర్రదానికంటే ఎక్కువ వంచుతుంది. మామూలు క్రౌన్ గాజు లెన్స్‌లో ఎరుపుకీ నీలానికీ నాభ్యంతరంలో తేడా అరవయ్యో వంతు దాకా ఉంటుంది, అంటే మన 10 సెంటీమీటర్లలో రెండు మిల్లీమీటర్ల లోపే. దాన్ని తొమ్మిదితో గుణిస్తే సెంటీమీటరున్నర అవుతుంది. తెల్ల కాంతి వాడితే ఈ ప్రతిబింబాలన్నీ ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టు ఉంటాయి, ఏ చోట ఫోకస్ అయిందో చెప్పలేం. ఆకుపచ్చ ఒక్కటే వాడటానికి కారణం అది.

తర్వాతి శనివారం: తెర మీద పడని ప్రతిబింబం

లెన్స్ అలాగే 40 దగ్గర. వస్తువును 34కి తెచ్చాం. u = 34 − 40 = −6. ఇప్పుడది నాభికీ లెన్స్‌కీ మధ్య ఉంది.

1/v = 1/10 − 1/6 = −1/15
v = −15, m = (−15)/(−6) = +2.5

"మైనస్ పదిహేను దగ్గర తెర ఎలా పెడతాం బాబాయ్? అది వస్తువుకు వెనకాల కదా" అంది. మంచి ప్రశ్న. 40 − 15 = 25. స్కేలు మీద ఆ చోటు ఉంది. కానీ అక్కడికి కాంతి వెళ్లి కలవడం లేదు. కుడి వైపు నుంచి లెన్స్‌లోకి చూసే కంటికి మాత్రం కిరణాలు అక్కణ్నుంచి బయల్దేరినట్టు అనిపిస్తాయి. అందుకని తెరతో కాకుండా కంటితో కొలవాలి.

ఓహెచ్‌పీ షీటు పొట్టిగా కత్తిరించి, లెన్స్ పై అంచు దాటి కనబడకుండా చేశాం. ఇంకో మిల్లీమీటరు గ్రాఫ్ కాగితం తీసుకుని, లెన్స్ కంటే పొడుగ్గా ఉండేలా నిలబెట్టి, 25 దగ్గర ఉంచాం. ఇప్పుడు లెన్స్‌కు కుడి వైపు ఓ జానెడు దూరంలో కన్ను పెట్టి చూస్తే, లెన్స్ లోపల పెద్దవైన గళ్లు, లెన్స్ పై అంచు మీదుగా నేరుగా వెనక కాగితం గళ్లు, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. తలను మెల్లగా కుడికీ ఎడమకీ కదపాలి. రెండిటి గీతలు ఒకదాన్నొకటి దాటి జారితే అవి ఒకే దూరంలో లేవు. తల కదిపిన వైపే ఏది కదిలినట్టు అనిపిస్తే అది ఎక్కువ దూరంలో ఉంది.

కాగితాన్ని 27 దగ్గర పెడితే లెన్స్‌లోని బొమ్మ తలతో పాటే జరిగింది, అంటే బొమ్మ ఇంకా వెనక ఉంది. 23 దగ్గర పెడితే కాగితమే తలతో జరిగింది. 25కి కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు రెండూ అతుక్కున్నట్టు నిలిచాయి, తల ఎంత ఊపినా గీత గీతను వదల్లేదు. ఇక్కడ సూది తప్పు ఒక మిల్లీమీటరు ఉంటే v లో ఆరు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, కాబట్టి 'సుమారుగా 25' అన్నదాన్ని నేను పూర్తి సరిపోలికగానే తీసుకున్నాను.

అతుక్కున్నప్పుడే ఆవర్ధనం కూడా కొలిచేశాం. లెన్స్‌లో కనబడే 4 గళ్ల వెడల్పు, పైన వెనక కాగితం మీద 10 గళ్లకు సరిగ్గా ఆనింది. 10/4 = 2.5. రెండూ ఒకే తలంలో ఉన్నాయి కాబట్టి కన్ను దగ్గరికి తెచ్చినా దూరం జరిపినా ఈ నిష్పత్తి మారదు. తలం కలవకముందే గళ్లు లెక్కపెడితే మాత్రం కన్ను కదిలిన కొద్దీ జవాబు మారుతూ ఉంటుంది. చుక్క ఈసారి కుడి పక్కనే ఉంది, బాణం మొన పైకే ఉంది. m ప్లస్.

నిజ ప్రతిబింబానికి ఒక సూత్రం, మిథ్యా ప్రతిబింబానికి ఒక సూత్రం పెట్టుకోలేదు. తీసివేతలూ మారలేదు. వస్తువు 25 నుంచి 34కి జరిగినందుకే v గుర్తు దానంతట అదే తిరిగింది. వస్తువు ఎక్కడుంటే ప్రతిబింబం ఎలా ఉంటుందో చెప్పే ఆరు వరసల పట్టికను బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. ఆ ఆరు వరసలూ ఈ ఒక్క సూత్రంలో ఉన్నాయి.

ఆదివారం: u కి ప్లస్ వచ్చే సందర్భం

"మరి u ఎప్పుడూ మైనస్సే కదా, సూత్రంలోనే మైనస్ పెట్టేసి ఉంచొచ్చుగా?" అని పాప అడిగింది. దానికి సమాధానం రెండో లెన్స్‌తో చూపించాను.

కళ్లద్దాల షాపులో +5 పవర్ గాజు ఒకటి అడిగి తెచ్చాను. పవర్ అంటే 1ని మీటర్లలో చెప్పిన నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేది. 1/5 మీటరు, అంటే f = +20 సెంటీమీటర్లు. మన మొదటి లెన్స్ అదే లెక్కన +10 పవర్.

వస్తువు మళ్లీ 25 దగ్గరికి, మొదటి లెన్స్ 40 దగ్గరే. తెర తీసేశాం. బొమ్మ 70 దగ్గర పడబోతోంది. ఆ కిరణాలు ఇంకా కలవకముందే 60 దగ్గర +5 గాజు అడ్డం పెట్టాం. ఈ గాజుకు వస్తువు ఏది? మొదటి లెన్స్ 70 దగ్గర ఏర్పరచబోయిన బొమ్మే. దానికి అదే తీసివేత: u = 70 − 60 = +10. వస్తువు లెన్స్‌కు కుడి వైపున ఉంది. అక్కడికి కాంతి ఇంకా చేరనే లేదు, అయినా లెక్కకు అదే వస్తువు.

1/v = 1/20 + 1/10 = 3/20
v = +6.7, m = 6.7/10 = +0.67

తెర 66.7 దగ్గర పెట్టాలి. మొత్తం ఆవర్ధనం రెండు లెన్సుల ఆవర్ధనాల లబ్ధం: (−2) × (+0.67) = −1.33. పది మిల్లీమీటర్ల బాణం 13 మిల్లీమీటర్లు దాటి, తలకిందులుగానే ఉండాలి. తెర మీద 13కీ 14కీ మధ్య వచ్చింది, మొన కిందికే ఉంది. ఇక్కడ ఆవర్ధనం చిన్నది కాబట్టి ఫోకస్ చోటు మొన్నటి కంటే తేలిగ్గా దొరికింది. మొదట్లో బొమ్మ ఎడమ సగం స్పష్టంగా, కుడి సగం మసకగా వచ్చింది. అలా వస్తే గాజు నిలువు అక్షం మీద కాస్త పక్కకు తిరిగి ఉందని అర్థం. నిటారుగా సర్దితే సరిపోయింది.

సూత్రం లోపల ఏం జరుగుతోందో చెప్పడానికి ఈ అమరిక నాకు అన్నిటికన్నా బాగా నచ్చింది. వస్తువు నుంచి వచ్చే కాంతి విచ్చుకుంటూ వస్తుంది. లెన్స్‌ను చేరేసరికి ఆ విచ్చుకోవడం ఎంత అంటే 1/u, మీటర్లలో 1/(−0.15), సుమారు −6.7. లెన్స్ చేసే పని దానికి తన పవర్ కలపడమే: −6.7 + 10 = +3.3. ఇప్పుడు కాంతి దగ్గరికి చేరుతూ వెళ్తోంది, 1/3.3 మీటరు, అంటే 30 సెంటీమీటర్ల దూరంలో కలుస్తుంది. వస్తువు 6 సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు విచ్చుకోవడం −16.7. +10 కలిపినా ఇంకా −6.7 మిగిలిపోయింది. కాంతి విచ్చుకుంటూనే బయటికి వచ్చింది, అందుకే తెర మీద పడలేదు. రెండో గాజుకు వచ్చిన కాంతి అప్పటికే +10తో కలవబోతోంది. గాజు ఇంకో +5 కలిపింది, మొత్తం +15, అంటే 6.7 సెంటీమీటర్లు. మైనస్ అంటే విచ్చుకుంటున్న కాంతి, ప్లస్ అంటే కలుస్తున్న కాంతి. పాప నోట్సులో ఇప్పుడు ప్రతి లెక్క పక్కనా ఈ కూడిక కూడా వేస్తోంది.

వచ్చే వారం +5 గాజు తీసి అదే 60 దగ్గర −5 పవర్ పుటాకార గాజు పెడతాం. దాని f = −20. తనంతట తాను ఏ వస్తువు ముందు పెట్టినా అది తెర మీద బొమ్మ వేయలేదు కాబట్టి, దాని నాభ్యంతరం నేరుగా కొలవడానికి మొన్న సెల్ టవర్‌తో చేసిన పద్ధతి పనిచేయదు. కానీ దానికి కలుస్తున్న కాంతి అందిస్తే 10 − 5 = +5, అంటే v = +20, తెర 80 దగ్గర, మొత్తం ఆవర్ధనం −4. బాణం 40 మిల్లీమీటర్లు అవ్వాలి. తెర చట్రం ఇప్పుడున్నది అంత బొమ్మకు చాలదు. పెద్దది చేయించాలి.